అంతర్జాతీయ చట్టం: రమ్య కోసం పదహారు వారాల ప్లాన్

రమ్యా,

నువ్వు చెప్పిన వివరాలు ముందు పెట్టుకుని ఈ ప్లాన్ వేశాను. పరీక్షకు పదహారు వారాలుంది. ఆఫీసు పోను నీకు వారానికి తొమ్మిది గంటలు దొరుకుతాయి: సోమ, బుధ, శుక్రవారాల్లో సాయంత్రం గంటన్నర చొప్పున, శనివారం పొద్దున మూడు గంటలు, ఆదివారం గంటన్నర. పేపర్ మూడు గంటలు. ఎనిమిది ప్రశ్నల్లో నాలుగు రాయాలి, అందులో ఒకటి తప్పనిసరిగా ప్రాబ్లమ్, అంటే ఊహించిన సంఘటన ఇచ్చి సలహా అడిగే ప్రశ్న. క్లాసులు లేవు, కలిసి చదివేవాళ్లూ లేరు. ఆరేళ్ల పాత పేపర్లు మాత్రం నీ చేతిలో ఉన్నాయి. ఈ ప్లానంతా వాటి చుట్టూనే తిరుగుతుంది.

సొంతంగా చదివేవాళ్లు చాలామంది ముందు పుస్తకం మొత్తం, తర్వాత కేసులు, ఆఖరి నెలలో పాత ప్రశ్నలు అనుకుని మొదలుపెడతారు. ఈ సబ్జెక్టుకి ఆ వరస పనికిరాదు. దేశాలన్నిటికీ కలిపి చట్టాలు చేసే పార్లమెంటు ఏదీ లేదు కాబట్టి, అసలు ఆ నియమం ఉందా లేదా అన్నదే ఇక్కడ చాలాసార్లు ప్రశ్న అవుతుంది. జవాబు కొంత ఒప్పందం మాటల్లో, కొంత కోర్టు తర్కంలో ఉంటుంది. ఏం అడుగుతారో తెలియకుండా వంద పేజీల తీర్పు తెరిస్తే ఎక్కడ ఆగాలో తెలియదు. అందుకే ప్రతి టాపిక్‌లోనూ ముందు పాత ప్రశ్న చదువు, తర్వాత ఆర్టికల్, తర్వాత కేసు, చివర మళ్లీ ఆ ప్రశ్నకే జవాబు రాయి.

వారం ఎలా గడవాలి

సోమవారం ఆ టాపిక్ మీద వచ్చిన పాత ప్రశ్నలు రెండు చదివి, ఒప్పందంలోని ఆర్టికల్స్ మూలంలోనే చూడు. బుధవారం పాఠ్యపుస్తకంలో ఆ అధ్యాయం. శుక్ర, శనివారాలు కేసులకి. ఆదివారం పుస్తకం మూసి, నలభై ఐదు నిమిషాల్లో ఒక జవాబు చేత్తో రాసి, మిగతా సమయంలో దాన్ని దిద్దుకో. పరీక్షలో ఒక ప్రశ్నకి దొరికేది కూడా ఆ నలభై ఐదు నిమిషాలే.

పాఠ్యపుస్తకం ఒక్కటి చాలు, కొత్త ఎడిషన్ అయితే మంచిది. రెండోది కొనకు. ఆ సమయం తీర్పులకి ఇవ్వు. ఒక ఫైలులో ఐదు మూలపాఠాలు ప్రింట్ తీసి పెట్టుకో: ఐక్యరాజ్యసమితి చార్టర్, అంతర్జాతీయ న్యాయస్థానం స్టాట్యూట్, ఒప్పందాల మీద 1969 వియన్నా కన్వెన్షన్, రాజ్య బాధ్యత మీద అంతర్జాతీయ లా కమిషన్ 2001లో ఆమోదించిన ఆర్టికల్స్, 1982 సముద్ర చట్టం కన్వెన్షన్‌లో కావలసిన భాగాలు. న్యాయస్థానం తీర్పులన్నీ icj-cij.org లో ఉచితంగా దొరుకుతాయి.

1వ వారం: పేపర్లు

ఆఖరి ఏడాది పేపర్ కవర్లో పెట్టి అతికించెయ్. 15వ వారం దాకా దాన్ని తెరవకూడదు. మిగతా ఐదేళ్ల నలభై ప్రశ్నల్నీ టాపిక్ వారీగా ఒక పట్టికలో వెయ్యి. నేను ఒకసారి చూశాను: చట్టానికి మూలాలు ఐదేళ్లూ వచ్చింది, బలప్రయోగం ఐదేళ్లూ వచ్చింది, రాజ్య బాధ్యత నాలుగేళ్లు వచ్చింది. అదీ ఎప్పుడూ ప్రాబ్లమ్ రూపంలోనే. నా మాట మీద వదిలెయ్యకుండా పట్టిక నువ్వే వెయ్యి. ప్రశ్న భాష అలవాటు కావడానికి అంతకన్నా మంచి పని లేదు. 'చర్చించండి' అన్న ప్రశ్నకీ 'సలహా ఇవ్వండి' అన్న ప్రశ్నకీ జవాబు నడక ఎంత వేరో అప్పుడే తెలుస్తుంది.

2–4 వారాలు: మూలాలు

మూడు వారాలు ఎక్కువ అనిపించవచ్చు. కానీ ఇది గట్టిపడితే మిగతావన్నీ తేలికవుతాయి.

రెండో వారం స్టాట్యూట్‌లోని 38వ ఆర్టికల్, 1927 నాటి లోటస్ కేసు. ఫ్రెంచి ఓడ, టర్కీ ఓడ ఢీకొని ఎనిమిది మంది టర్కీవాళ్లు చనిపోయారు. ఫ్రెంచి అధికారిని టర్కీ విచారించవచ్చా అన్నది వివాదం. ఓట్లు సమానంగా చీలితే అధ్యక్షుడి ఓటుతో టర్కీ వైపు తేలింది. నిషేధం ఉంటే తప్ప దేశానికి స్వేచ్ఛ ఉన్నట్టేనన్న వాదన ఇక్కడి నుంచే వచ్చింది. అయితే ఓడలు ఢీకొన్న సందర్భాలకి ఆ ఫలితం ఇప్పుడు వర్తించదు. 1982 కన్వెన్షన్ 97వ ఆర్టికల్ ఏం చెబుతుందో పక్కనే రాసుకో.

మూడో వారం మొత్తం 1969 నాటి నార్త్ సీ ఖండపు అంచు కేసుకి. సెమిస్టర్‌లో నువ్వు ఒక్క తీర్పే నిదానంగా చదవగలిగితే అది ఇదే కావాలి. 70 నుంచి 78 దాకా ఉన్న పేరాలు రెండుసార్లు చదువు. నోట్సు ఇంతకు మించకూడదు:

వివాదం: 1958 జెనీవా కన్వెన్షన్ 6వ ఆర్టికల్‌లోని సమదూర సూత్రం, కన్వెన్షన్‌ని ధృవీకరించని జర్మనీకి ఆచార చట్టంగా వర్తిస్తుందా?
డెన్మార్క్, నెదర్లాండ్స్: వర్తిస్తుంది.
కోర్టు: వర్తించదు, 11–6.
కారణం: తక్కువ కాలంలోనూ ఆచారం ఏర్పడవచ్చు. కానీ ఆ విషయంతో ప్రత్యేకంగా సంబంధం ఉన్న దేశాలతో సహా ఆచరణ విస్తృతంగా, దాదాపు ఒకేలా ఉండాలి (పేరా 74). చట్టం ప్రకారం తప్పదు అన్న నమ్మకంతో చెయ్యాలి, అలవాటుగా చేస్తే చాలదు (పేరా 77).
ఎదురు వాదన: జడ్జి లాక్స్ భిన్నాభిప్రాయం.
ఏ ప్రశ్నలో వాడాలి: ఆచారం ఎలా ఏర్పడుతుంది, ఒప్పందానికీ ఆచారానికీ సంబంధం.

ప్రతి కేసుకీ ఈ ఆరు గళ్లే. కథ ఒక వాక్యం దాటితే కొట్టెయ్. కారణం గడి మాత్రం ఎప్పుడూ పెద్దదిగా ఉండాలి, పేరా నంబరుతో సహా. పరీక్షలో పేరా నంబర్లు రాయనక్కర్లేదు, కానీ ఆఖరి వారం వెనక్కి వెళ్లి చూసుకోవడానికి అవే దారి.

నాలుగో వారం 1986 నికరాగ్వా తీర్పు. అమెరికా పెట్టిన రిజర్వేషన్, అంటే మినహాయింపు షరతు వల్ల కోర్టు చార్టర్ ఒప్పందం కింద తీర్పు చెప్పలేకపోయింది, అందుకే ఆచార చట్టం మీద నిలబడింది. ఈ సంగతి తెలిస్తే తీర్పు ఎందుకు అలా సాగిందో అర్థమవుతుంది. 186వ పేరా చూడు: ఆచరణ నూటికి నూరు పాళ్లు సరిపోనక్కర్లేదు, దాటినప్పుడు దాన్ని ఉల్లంఘనగా చూస్తే చాలు అంటుంది. నార్త్ సీ కేసులోని 'దాదాపు ఒకేలా'తో దీన్ని పక్కపక్కన పెట్టు. ఆ ఆదివారం నీ జవాబు ఆ తేడా మీదే. ప్రాంతీయ ఆచారానికి 1950 అసైలమ్ కేసు, రెండు దేశాల మధ్య ఆచారానికి 1960లో పోర్చుగల్, ఇండియాల రైట్ ఆఫ్ ప్యాసేజ్ కేసు. వీటికి సారాంశం చదివితే సరిపోతుంది.

5–6 వారాలు: ఒప్పందాలు

ఇక్కడ కేసుల కంటే కన్వెన్షన్ పాఠమే ముఖ్యం. 19–23, 26–27, 31–33, 46–53, 60–62 ఆర్టికల్స్ పెన్సిల్ పట్టుకుని చదువు. రిజర్వేషన్లకి జెనోసైడ్ కన్వెన్షన్ మీద 1951 సలహా అభిప్రాయం, రద్దుకి 1997 గాబ్‌చికోవో కేసు. ఒక మెలిక గుర్తుంచుకో: కన్వెన్షన్ అమల్లోకి వచ్చింది 1980 జనవరి 27న. అంతకుముందు చేసుకున్న ఒప్పందాలకి అది ఒప్పందంగా వర్తించదు. గాబ్‌చికోవో ఒప్పందం 1977 నాటిది, అయినా 60–62 ఆర్టికల్స్‌ని కోర్టు ఆచార చట్టంగా వాడుకుంది. ప్రాబ్లమ్‌లో తేదీ ఇచ్చారంటే ఊరికే ఇవ్వరు.

7వ వారం: రాజ్యాలు, సంస్థలు

1933 మాంటెవీడియో కన్వెన్షన్ 1వ ఆర్టికల్, 1949 రిపరేషన్ సలహా అభిప్రాయం, 2010 కొసోవో. కొసోవోలో అడిగిన ప్రశ్న స్వాతంత్ర్య ప్రకటన చట్టవిరుద్ధమా కాదా అన్నంత వరకే. కొసోవో రాజ్యమని కోర్టు చెప్పలేదు. ఈ టాపిక్ పేపర్లలో తక్కువే వచ్చింది, ఒక్క వారం చాలు.

8వ వారం: కొత్తది వద్దు

వెనకబడినవి పూర్తి చెయ్యి. శనివారం టైమ్ పెట్టుకుని రెండు జవాబులు వరసగా రాయి.

9–10 వారాలు: అధికార పరిధి, ఇమ్యూనిటీ, సముద్రం

లోటస్ మళ్లీ తియ్యి, ఈసారి అధికార పరిధి కోణంలో. 2002 అరెస్ట్ వారెంట్, 2012 జర్మనీ–ఇటలీ తీర్పులు చదువు. రెండో దానిలో ఇమ్యూనిటీ అన్నది విధానానికి సంబంధించినదనీ, అది ఏ దేశమూ పక్కన పెట్టలేని నియమాలైన జస్ కోజెన్స్‌తో ఢీకొనదనీ కోర్టు అన్న భాగం పట్టుకో. అక్కడ నీకు ఒప్పుదల లేకపోతే ఆ మాట జవాబులో రాయి, కారణం మాత్రం చెప్పు. సముద్రం నుంచి 12, 24, 200 నాటికల్ మైళ్ల మండలాలూ వాటిలో తీరదేశపు హక్కులూ చూసుకుంటే చాలు.

11–12 వారాలు: రాజ్య బాధ్యత

ప్రాబ్లమ్ ఇక్కడి నుంచే వస్తుంది కాబట్టి చదవడం కంటే రాయడమే ఎక్కువ. ఇలాంటి ప్రశ్న ఊహించుకో: ఏ అనే దేశం డబ్బు, ఆయుధాలు ఇస్తున్న ఒక సాయుధ గుంపు బి దేశంలోని డ్యామ్ మీద దాడి చేసింది. బదులుగా బి, వాణిజ్య ఒప్పందం కింద ఏకి చెల్లించాల్సిన డబ్బు ఆపేసింది. రెండు దేశాలకీ సలహా ఇవ్వండి.

ఆవేశంగా బలప్రయోగంలోకి దూకకు. వరస ఇది: 2వ ఆర్టికల్ ప్రకారం ఆ పని రాజ్యానిదేనా, బాధ్యతకి భంగమేనా అని రెండు మెట్లు. మొదటి మెట్టులో 8వ ఆర్టికల్. నికరాగ్వా 115వ పేరాలో ఆ ప్రత్యేక చర్యల మీదే ప్రభావవంతమైన నియంత్రణ కావాలన్నారు. 1999లో మాజీ యుగొస్లావియా నేరాల ట్రిబ్యునల్ టాడిచ్ అప్పీల్లో వ్యవస్థీకృత సాయుధ గుంపు మీద మొత్తంగా నియంత్రణ ఉంటే చాలన్నారు. 2007 జెనోసైడ్ తీర్పులో అంతర్జాతీయ న్యాయస్థానం మళ్లీ నికరాగ్వా వైపే నిలబడింది. డబ్బు, ఆయుధాలు మాత్రమే ఇస్తే ఈ పరీక్షలో నిలబడటం కష్టం. అయితే గుంపు చేసిన పని 'ఏ' దేశపు పనిగా తేలకపోయినా, ఆయుధాలు ఇవ్వడమే 'ఏ' చేసిన వేరే తప్పు కావచ్చు. చాలామంది ఈ మాట వదిలేసి మార్కులు పోగొట్టుకుంటారు. తర్వాత బి వైపు: చెల్లింపు ఆపడం ప్రతిచర్యగా నిలుస్తుందా? 49 నుంచి 53 దాకా ఆర్టికల్స్, ముఖ్యంగా ముందు నోటీసు, నష్టానికి తగిన మోతాదు. అవసరం సాకుకి 25వ ఆర్టికల్ ఎంత ఇరుకో కూడా చూడు.

13–14 వారాలు: బలప్రయోగం, వివాద పరిష్కారం

చార్టర్ 2(4), 51. నికరాగ్వా నోట్సు ఉంది కాబట్టి సగం పని అయిపోయినట్టే. దానికి 1996 అణ్వస్త్రాల సలహా అభిప్రాయం, 2003 ఆయిల్ ప్లాట్‌ఫామ్స్ చేర్చు. కోర్టు అధికార పరిధికి స్టాట్యూట్ 36వ ఆర్టికల్ ఒక్క సాయంత్రంలో అయిపోతుంది.

15వ వారం: కవర్ తెరువు

శనివారం పొద్దున, ఫోన్ పక్క గదిలో పెట్టి, మూడు గంటలూ పూర్తిగా రాయి. ఆదివారం దిద్దుకునేటప్పుడు ఒక్కో జవాబులో చూడాల్సినవి: మొదటి పేరాలోనే ప్రశ్నకి సమాధానం మొదలైందా, కేసు పేరు పక్కన కారణం ఉందా, ఎదురు వాదన ఒక్కటైనా ఉందా.

16వ వారం

నీ నోట్సు, ఆర్టికల్స్ ఫైలు. రోజూ ఒక పాత ప్రశ్నకి పది నిమిషాల్లో అవుట్‌లైన్. కొత్త తీర్పు ఏదీ తెరవకు.

ఎప్పుడైనా ఆఫీసు పని ఎక్కువై వారం సగం పోతే టెన్షన్ పడకు. బుధవారం పాఠ్యపుస్తకం వదిలెయ్, అప్పటికీ చాలకపోతే రెండో కేసు వదిలెయ్. ఆదివారం జవాబు మాత్రం వదలకు, సగం తెలిసినా రాయి. దిద్దేవాళ్లు లేరన్న బెంగ అక్కర్లేదు, రెండు వారాలకోసారి ఒక జవాబు ఫొటో తీసి నాకు పంపు, నేను చూస్తాను. ముందుగా ఈ ఆదివారానికల్లా నలభై ప్రశ్నల పట్టిక పంపు. నా లెక్కా నీ లెక్కా ఒకటి కాకపోతే 9, 10 వారాలు మార్చుకుందాం.

— సునీత అక్క