మన పళ్లెంలో ఏముంది? – నాలుగో తరగతి పరిసరాల విజ్ఞానం యూనిట్

తరగతి: 4. పిల్లలు: 26 మంది. అనంతపురం జిల్లాలోని ఒక పల్లె, ప్రాథమిక పాఠశాల. 45 నిమిషాల పీరియడ్లు ఆరు, రెండు వారాల్లో. మధ్యలో ఏడు రోజులు ఇంటి దగ్గర డైరీ రాయడం ఉంటుంది.

యూనిట్ అయ్యేసరికి పిల్లలు తాము తినే పదార్థాన్ని చూసి అది ఒంటికి ఏం చేస్తుందో చెప్పగలగాలి. ఒక పూట భోజనంలో ఏది తక్కువైందో గుర్తించి, మన ఊళ్లో దొరికేదానితోనే దాన్ని ఎలా నింపాలో చెప్పాలి. అంతకుమించి ఇంకేమీ పెట్టుకోలేదు. ఎవరింట్లో ఏం వండుతారన్నది మార్కుల విషయం కాదు, వ్యాఖ్యల విషయం అంతకన్నా కాదు.

మొదటి పీరియడ్: మూడు గుట్టలు

ముందురోజే పిల్లలకు చెప్పండి, ఇంట్లో ఉన్నది ఏదైనా ఒక గుప్పెడు తెమ్మని. మనం కూడా కొన్ని తెచ్చుకోవాలి: బియ్యం, రాగులు, జొన్నలు, బొరుగులు, కందిపప్పు, పెసలు, చెనిక్కాయలు, గుడ్డు, పాల ప్యాకెట్, బెల్లం, నూనె సీసా, టమాటా, మునగాకు, నిమ్మకాయ, జామకాయ, ఉర్లగడ్డ.

నేల మీద సుద్దముక్కతో మూడు సున్నాలు గీయండి. పసుపు సున్నా శక్తినిచ్చేవాటికి: అన్నం, సంగటి, రొట్టె, నూనె, బెల్లం. నీలం సున్నా ఒంటిని పెంచేవాటికి: పప్పులు, గుడ్డు, పాలు, చేపలు, మాంసం. ఆకుపచ్చ సున్నా జబ్బుల నుంచి కాపాడేవాటికి: ఆకుకూరలు, కాయగూరలు, పళ్లు. ఎర్ర రంగును కావాలనే వదిలేశాను. నోటుపుస్తకంలో తప్పులు దిద్దే రంగు అది. ఆ రంగు చూస్తే పిల్లలు 'ఇది తినకూడదేమో' అనుకుంటారు.

ఒక్కొక్కరు లేచి తాము తెచ్చింది సున్నాలో పెట్టి, అక్కడే ఎందుకు పెట్టారో చెప్పాలి. ఉర్లగడ్డ దగ్గర వాదన మొదలవుతుంది. అది కూరే అయినా నిండా పిండిపదార్థమే కాబట్టి పసుపు సున్నాలోకి వెళ్తుంది. చెనిక్కాయల దగ్గర ఇంకా పెద్ద గొడవ. వాటిలో మాంసకృత్తులూ ఉన్నాయి, నూనే ఉంది. మన చేలో పండే పంట కాబట్టి ప్రతి పిల్లాడికీ ఏదో ఒకటి తెలిసే ఉంటుంది, మాట్లాడనివ్వండి. చివరికి పసుపు, నీలం సున్నాలు రెండూ కలిసేచోట పెట్టించండి. ఒకే పదార్థం రెండు పనులు చేస్తుందని వాళ్లకు అక్కడే అర్థమవుతుంది, విడిగా పాఠం చెప్పనక్కర్లేదు.

రెండో పీరియడ్: తక్కెడ

కిరాణా కొట్టు నుంచి తక్కెడ అడిగి తెచ్చుకోండి. మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతుల పిల్లలకు ఒక్కొక్కరికి ఇంత అని లెక్క ఉంది: 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు. ఈ మూడూ పిల్లల చేతే తూయించండి. తూచినవి మూడు కాగితాల మీద పక్కపక్కన పోయించండి.

పప్పు గుప్పెడు కూడా రాదు, బియ్యం కుప్పగా కనిపిస్తుంది. అన్నం వండితే నీళ్లు పీల్చుకుని దాదాపు రెండున్నర రెట్లు బరువెక్కుతుందని చెప్పి, ఇంత పప్పు ఆ అన్నమంతటికీ సరిపోవాలంటే ఎలా కలుపుకోవాలని అడగండి. పప్పు పక్కకు తోసి చారుతోనే తినేవాళ్లు ప్రతి తరగతిలోనూ ఉంటారు. వాళ్ల పేర్లు ఎత్తకుండానే వాళ్లకు ఈ ప్రశ్న తగులుతుంది. గుడ్డు పెట్టే రోజున ఒక్క గుడ్డులోనే సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయని చెప్పండి.

మూడు, నాలుగు పీరియడ్లు: పళ్లెం బొమ్మ

ఇది మధ్యాహ్నం అన్నాలయ్యాక వెంటనే చేయాలి. తిన్నది కళ్ల ముందు ఉండగానే గీయాలి. చార్టును నాలుగు ముక్కలు చేస్తే ఒక్కో ముక్క మీద పిల్లలు తినే స్టీలు పళ్లెం సరిపోతుంది. కడిగి తుడిచిన పళ్లాన్ని బోర్లించి పెన్సిల్‌తో అంచు గీయించండి. అసలు కొలతలోనే గీయాలి. పుస్తకంలో చిన్న వృత్తం గీస్తే కూర ఎంత తక్కువ పడిందో కనపడదు.

మొదటి బొమ్మలో ఈ రోజు బడిలో పెట్టిన భోజనం ఉన్నదున్నట్టు గీయాలి. అన్నం ఎంత చోటు ఆక్రమించిందో అంత. ఇంటి భోజనం గీయించడం లేదు. బడి భోజనం అందరికీ ఒకటే, అందుకని ఎవరి పళ్లెం చూసి ఎవరూ తలదించుకునే పని ఉండదు.

మర్నాడు రెండో బొమ్మ. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పళ్లదే. మిగతా సగంలోనే అన్నమో సంగటో, దానికి తోడు పప్పు, గుడ్డు లాంటివి. పక్కన పాలో పెరుగో. వృత్తం మధ్యలో గీత గీసి, ఆ లెక్క ప్రకారం నింపమనండి. ఒక్కటే నియమం: మన ఊళ్లోనో, సంతలోనో దొరికేదే గీయాలి. యాపిల్, బ్రోకలీ గీస్తే చెరిపించి, మీ దొడ్లో ఏముందని అడగండి. పుల్లగూర, మునగాకు, గోంగూర, బీరకాయ, బొప్పాయి, రేగుపళ్లు అవే వస్తాయి.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట చెప్పాలి. ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పట్టాలంటే విటమిన్ సి ఉన్నది తోడుండాలి. నిమ్మరసమో జామకాయో ఉంటే చాలు. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుము సరిగా పట్టదు. టీ అలవాటున్న పిల్లలు మన తరగతిలో ఉన్నారు కాబట్టి దీన్ని తేల్చి చెప్పాలి.

రెండు బొమ్మలూ పక్కపక్కన గోడకు అంటించండి.

వారం డైరీ

సోమవారం మొదలు ఆదివారం వరకు. ఒక కాగితం మీద ఏడు అడ్డ వరుసలు, నాలుగు నిలువు గళ్లు: పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి. తిన్నది రాసి, పక్కన రంగు చుక్కలు పెట్టాలి. ఎంత తిన్నారో రాయక్కర్లేదు. బోర్డు మీద ఈ వరుస రాసి చూపించండి:

సోమవారం. పొద్దున: ఉగ్గాని, చెనిక్కాయలు (పసుపు, నీలం). మధ్యాహ్నం: అన్నం, పప్పు, గుడ్డు (పసుపు, నీలం). సాయంత్రం: జామకాయ (ఆకుపచ్చ). రాత్రి: సంగటి, పాలకూర పప్పు, మజ్జిగ (పసుపు, నీలం, ఆకుపచ్చ).

చిప్స్ ప్యాకెట్ తిన్నా రాయాలి. దానికి పసుపు చుక్కే, తిట్లు ఉండవు. తిట్లు పడతాయని తెలిస్తే డైరీలో అబద్ధాలు మొదలవుతాయి, ఇక ఆ కాగితం ఎందుకూ పనికిరాదు.

డైరీ మీరొక్కరే చూడాలి, తరగతిలో చదివించకూడదు. పొద్దున గడి రెండు మూడు రోజులు ఖాళీగా ఉంటే ఆ బిడ్డతో ఒంటరిగా, మెల్లగా మాట్లాడండి. పనుల సీజన్లో అమ్మానాన్నలు తెల్లవారకముందే చేలోకి వెళ్లిపోతారు. పాఠం ఎలా నడిచినా, ఆ బిడ్డ ఆకలి సంగతి ముందు చూడాలి.

డైరీతో పాటు ఇంటికి వెళ్లే చీటీ, పిల్లలే చదివి వినిపించాలి:

"అమ్మకు, నాన్నకు నమస్కారం. ఈ వారం మీ బిడ్డ రోజూ తిన్నది రాసుకుంటుంది. ఇందుకోసం ప్రత్యేకంగా ఏమీ వండొద్దు, ఏమీ కొనొద్దు. మీరు రోజూ పెట్టేదే రాయనివ్వండి. దీనికి మార్కులు లేవు. రాత్రి పడుకునే ముందు ఐదు నిమిషాలు గుర్తుచేస్తే చాలు. మీ చిన్నప్పుడు తిన్న కూరాకులు ఏవైనా ఉంటే బిడ్డకు చెప్పండి, తరగతిలో చెప్పిస్తాం. ఇట్లు, తరగతి టీచర్."

ఐదో పీరియడ్: చుక్కల లెక్క

పేర్లు లేకుండా, ఒక్కో రోజుకు తరగతి మొత్తం చుక్కలు లెక్కపెట్టి బోర్డు మీద కమ్మీ చిత్రం గీయించండి. గణితంలో అదే పాఠం నడుస్తుంటే రెండూ కలిసొస్తాయి. ఏ రంగు తక్కువ? ఏ రోజు తక్కువ? బడి లేని ఆదివారం ఏం మారింది? తక్కువైన రంగు కోసం వచ్చే వారం తాను చేయగల ఒక్క పని ప్రతి బిడ్డా రాయాలి. అమ్మను కొనమని అడిగే పని కాకూడదు. పప్పు వదలకుండా తింటాను, చేను గట్టున మునగాకు కోసుకొస్తాను, ఇలాంటివి.

ఆరో పీరియడ్: మదింపు

నోటితోనే, ఇద్దరిద్దరిని పిలిచి అడగండి.

చిత్రాన్నం, చిప్స్ ఉన్న పళ్లెంలో ఏ రంగులు లేవు? మన ఊళ్లో దొరికే ఏవి కలుపుతావు?

చెనిక్కాయలను రెండు సున్నాలు కలిసేచోట ఎందుకు పెట్టాం?

పాలకూర పప్పు మీద నిమ్మకాయ ఎందుకు పిండుకోవాలి?

జవాబుతో పాటు కారణం చెప్పినవాళ్లకు యూనిట్ అందినట్టే. జవాబు మాత్రమే చెప్పినవాళ్లను మళ్లీ నేల మీది సున్నాల దగ్గరికి తీసుకెళ్లి, పదార్థాలు చేతికిచ్చి మొదటి పీరియడ్ పనే ఇంకోసారి చేయించండి.