మూడో నిమిషం

జ్వరంతో కాలిపోతున్న చిన్నోడు ఒక్కసారిగా బిగుసుకుపోయాడు. కళ్లు తేలేశాడు. కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి.

"అత్తయ్యా! నోట్లో చెంచా పెట్టనా?" కోడలు వణికిపోతోంది.

"వద్దమ్మా, ఏమీ పెట్టకూడదు. జ్వరానికి వచ్చిన ఫిట్స్ ఇది. వాళ్ల నాన్నకీ రెండేళ్లప్పుడు ఇలాగే వచ్చింది. నువ్వు అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యి."

నానమ్మ మనవణ్ణి నేల మీద పక్కకి తిప్పి పడుకోబెట్టింది. చేతులు అదిమి పట్టుకోలేదు. పెదవి చివర కారుతున్న చొంగని కొంగుతో తుడుస్తూ గోడ గడియారాన్నే చూసింది. ఒక నిమిషం. ముల్లు అంత నెమ్మదిగా కదలడం ఆవిడెప్పుడూ చూడలేదు. రెండు.

మూడో నిమిషం నిండకముందే ఒళ్లు వదులైంది. ఊపిరి సాఫీగా ఆడుతోంది. వాడు మగతగా కళ్లు తెరిచాడు.

"ఇక్కడే ఉన్నాన్రా, నాన్నా."

బయట సైరన్ వినిపించింది. డాక్టరుకి చెప్పాల్సిన మాట మనసులో మళ్లీ అనుకుంది: రెండున్నర నిమిషాలు. అప్పుడు మొదలైంది ఆవిడ చేతుల్లో వణుకు.