శుక్రవారం రాత్రి ట్రైనింగ్ ఫెయిల్ అయింది మేడమ్: కారణాలు, మార్చిన ప్లాన్

మేడమ్‌కు నమస్కారం.

మిరప ఆకు ముడత ప్రాజెక్టు, 7వ బ్యాచ్ నుంచి రాస్తున్నాను. సోమవారం ల్యాబ్‌లో కలిసినప్పుడే చెబుదామనుకున్నాను. కానీ ఎదురుగా నిలబడితే సగం దాటేస్తానేమోనని ఇప్పుడే రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, ఏమీ అనుకోకండి.

ట్రైనింగ్ సంగతికి ముందు ఇంకొకటి చెప్పాలి. రెండో రివ్యూలో మేం చూపించిన 96.2 శాతం నిలబడే అంకె కాదు మేడమ్. ఆ రోజు మీరు "ఒకే మొక్క ఫొటోలు ట్రైనింగ్‌లోనూ వాలిడేషన్‌లోనూ ఉన్నాయా?" అని అడిగారు. నేను వెంటనే లేవన్నాను. నిజానికి చూసి చెప్పలేదు. ఆ తర్వాత మనసు ఒప్పుకోక ఫైళ్ల పేర్లలో ఉన్న టైము పట్టుకుని సరిచూశాను. చేలో ఒక్కో మొక్క దగ్గర ఐదారు ఫొటోలు వరుసగా తీశాం కదా, వాటిని రాండమ్‌గా విడగొట్టేసరికి అవి రెండు వైపులా పడ్డాయి. వాలిడేషన్‌లోని ప్రతి పది ఫొటోల్లో దాదాపు ఎనిమిదింటికి, పది సెకన్ల తేడాతో తీసిన జంట ఫొటో ట్రైనింగ్‌లో ఉంది. మోడల్ జబ్బును గుర్తుపట్టడం కాదు, చూసిన మొక్కనే మళ్లీ చూసింది.

అందుకే ఈసారి చేల వారీగా విడగొట్టాను. ఫిరంగిపురం, మేడికొండూరు, ప్రత్తిపాడు వైపు మొత్తం 9 చేలలో తీసిన 2,340 ఫొటోలున్నాయి. 7 చేలు ట్రైనింగ్‌కి, 2 చేలు వాలిడేషన్‌కి. శుక్రవారం రాత్రి కొలాబ్‌లో 40 ఎపాక్‌లకు పెట్టి ఒంటిగంటకు పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే ఇదీ పరిస్థితి:

```
epoch 10  loss 0.412  val_acc 70.9
epoch 11  loss 0.389  val_acc 71.4
epoch 12  loss nan    val_acc 28.6
epoch 13  loss nan    val_acc 28.6
```

ఆ 28.6 చివరి దాకా కదల్లేదు. వాలిడేషన్‌లో 412 ఫొటోలుంటే అందులో ఆరోగ్యంగా ఉన్న ఆకులవి 118. లెక్క వేస్తే సరిగ్గా 28.6 శాతం. వెయిట్లన్నీ NaN అయిపోయాక మోడల్ ఏ ఫొటో ఇచ్చినా మొదటి క్లాసే చెబుతోందన్నమాట. పైగా ప్రతి ఎపాక్‌కి ఒకే last.pt మీద రాస్తూ పోయాను కాబట్టి మంచి వెయిట్లు కూడా మిగల్లేదు. ఇది పూర్తిగా నా అజాగ్రత్త.

మొదట లెర్నింగ్ రేటు ఎక్కువైందేమో అనుకుని శనివారమంతా దాని చుట్టూనే తిరిగాను. అది కాదు. తప్పు నేను సొంతంగా రాసిన ఫోకల్ లాస్‌లో ఉంది:

```
p = torch.softmax(out, dim=1)
loss = -(y * (1 - p)**2 * torch.log(p + 1e-8)).sum(1).mean()
```

ఫాస్ట్‌గా అవుతుందని model.half() పెట్టాను. లాగ్‌లోకి సున్నా వెళ్లకుండా కలిపిన 1e-8, ఫ్లోట్16లో అసలు నిలవదు. అందులో సున్నా తర్వాత వచ్చే అతి చిన్న సంఖ్యే దాదాపు 6e-8. కాబట్టి 1e-8 కాస్తా సున్నా అయిపోతుంది. ఏదో ఒక క్లాసు ప్రాబబిలిటీ సున్నాకి చేరగానే లాగ్ మైనస్ ఇన్ఫినిటీ, దాన్ని y లోని సున్నాతో గుణిస్తే NaN. మోడల్ బాగా నేర్చుకుని ధీమాగా చెప్పడం మొదలుపెట్టాకే ఇలా జరుగుతుంది, అందుకే 11 ఎపాక్‌ల దాకా ఏమీ తెలియలేదు. ఇప్పుడు ఇలా మార్చాను, half తీసేశాను:

```
logp = torch.log_softmax(out.float(), dim=1)
loss = -(y * (1 - logp.exp())**2 * logp).sum(1).mean()
```

32 ఫొటోలు మాత్రమే ఇచ్చి 200 ఎపాక్‌లు తిప్పి చూశాను. లాస్ దాదాపు సున్నాకి దిగింది, NaN రాలేదు.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను మేడమ్. అసలైనది ఆదివారం బయటపడింది. ఆగ్మెంటేషన్ తర్వాత ఫొటోలు ఎలా ఉన్నాయో చూద్దామని ఒక బ్యాచ్ తెరిచాను. పక్కనే కూర్చున్న మా బాబాయ్ (ఆయనది మూడెకరాల మిరప) ఒక ఫొటో చూసి, "ఇది పై ముడత కదరా, కింది ముడత అని రాశావేంటి?" అన్నారు. లేబుల్ తప్పు కాదు, నేను పెట్టిన RandomVerticalFlip ఆకుని తలకిందులు చేసింది! తామర పురుగు పడితే ఆకు అంచులు పైకి ముడుచుకుంటాయి, నల్లి పడితే కిందికి. ఫొటోలన్నీ మొక్క పక్క నుంచి తీసినవి, వాటిని తిరగేస్తే ఒక జబ్బు ఇంకో జబ్బైపోతుంది. సగం ఫొటోలకు మేమే తప్పు పాఠం చెప్పాం. 11వ ఎపాక్ ఫలితాల ఫైలు అదృష్టం కొద్దీ మిగిలింది. అందులో కింది ముడత ఫొటోలు 96 ఉంటే 41 పై ముడతగా పోయాయి. ఈ రెండింటికీ కొట్టే మందులు వేరు కాబట్టి, రైతుకి డబ్బు దండగయ్యే తప్పు సరిగ్గా ఇదే. రెండో రివ్యూ నాటి కోడ్‌లోనూ ఈ ఫ్లిప్ ఉంది. జంట ఫొటోల పుణ్యమా అని అప్పుడు కనపడలేదు.

ఇక ప్లాన్. వర్టికల్ ఫ్లిప్ తీసేసి, అడ్డంగా తిప్పడం, 15 డిగ్రీల లోపు వంచడం, వెలుతురు మార్పు మాత్రం ఉంచుతున్నాను. రెస్‌నెట్50 బదులు మొబైల్‌నెట్‌వీ2 తీసుకుందామనుకుంటున్నాం. మాకున్న కాసిని ఫొటోలకు రెండున్నర కోట్ల పారామీటర్లు ఎక్కువ, ఎలాగూ చివరికి ఫోన్‌లో నడవాలి. మొదట పై పొర ఒక్కటే ట్రైన్ చేసి, తర్వాత మిగతావి చిన్న లెర్నింగ్ రేటుతో వదులుతాను. ప్రతి ఎపాక్ వేరే ఫైలుగా డ్రైవ్‌లో సేవ్ అవుతుంది, లాస్ NaN అయితే రన్ అక్కడే ఆగిపోతుంది. ఫొటోలు డ్రైవ్ నుంచి ఒక్కొక్కటీ చదవడం వల్లే ఎపాక్‌కి 6 నిమిషాలు పట్టింది, జిప్ చేసి కొలాబ్ డిస్క్‌లోకి తెచ్చాక నిమిషంన్నరలో అవుతోంది.

నాకు నిజంగా టెన్షన్‌గా ఉన్నది జెమిని వైరస్ క్లాసు గురించి. 180 ఫొటోలే ఉన్నాయి, అవీ 3 చేలలోనివే. చేల వారీగా విడగొడితే ఒక్కో వైపు మరీ తక్కువ పడుతున్నాయి. ఇంకా కోతలు నడుస్తున్నాయి కాబట్టి వచ్చే శని, ఆదివారాల్లో బాబాయ్‌తో కలిసి ఇంకో రెండు చేలకు వెళ్లి తీస్తాం, మొక్కకు ఒక్క ఫొటోనే. ఆ రెండు చేలూ చివరి టెస్టుకే, మధ్యలో ముట్టుకోము. అప్పటికీ చాలకపోతే ఆ క్లాసు తీసేసి మూడు క్లాసులతోనే వెళ్లడం మేలనిపిస్తోంది. మా బ్యాచ్‌లో మిగతా ఇద్దరూ ఉంచుదామంటున్నారు. మీరు చెప్పినట్టు చేస్తాం. తెగులు తీవ్రతను శాతాల్లో చెప్పే భాగం మాత్రం ఈ సెమిస్టర్‌లో అవ్వదు, దాన్ని వదిలేస్తున్నాం.

మూడో రివ్యూ మార్చి 14న. కొత్త రన్ మార్చి 4 కల్లా అయిపోవాలి, 10 కల్లా రిపోర్టులో ఫలితాల చాప్టర్ మీకు ఇస్తాను. 96 మళ్లీ రాదు మేడమ్. 80 దాటితే సంతోషమే, రాకపోయినా వచ్చిన అంకే రాస్తాం.

మీ నుంచి కావలసినవి: రెండో రివ్యూ పీపీటీలో ఆ 96.2ని సరిదిద్ది, ప్యానెల్ వారికి మేమే చెప్పడానికి మీ అనుమతి. ఇంకా, కొలాబ్ మధ్యలో తెగిపోతోంది కాబట్టి ల్యాబ్‌లోని జీపీయూ సిస్టమ్ రెండు రాత్రులు దొరికితే చాలు, ల్యాబ్ అసిస్టెంట్ గారు మీ సంతకం ఉంటే ఇస్తామన్నారు. సోమవారం మధ్యాహ్నం మీ క్లాసు అయ్యాక 20 నిమిషాలు ఇస్తే ముగ్గురం వస్తాం. లాగ్ ఫైలు, తలకిందులైన ఆకుల ఫొటోలు దీనితో జత చేశాను.

ఇట్లు
మీ విద్యార్థి
సుధీర్, 7వ బ్యాచ్