పొద్దుతిరుగుడు మీద తేనెటీగ: మాక్రో ఫోటో ప్రాంప్ట్

నిలువు ఫోటో, 4:5. గీసిన బొమ్మలా వద్దు, కెమెరాతో తీసిన మాక్రో ఫోటోలాగే ఉండాలి. చోటు కర్నూలు దగ్గర నల్లరేగడి చేను, జనవరి నెల, పొద్దున ఏడున్నర. బాగా విచ్చిన పొద్దుతిరుగుడు పువ్వు తూర్పుకు తిరిగి ఉంది. కెమెరా పువ్వుకు ఎదురుగా లేదు, దక్షిణం పక్కన ఉంది, అందుకే ఎండ ఫ్రేములో కుడి నుంచి ఏటవాలుగా పడుతుంది, పువ్వు మనకు పక్కవాటుగా కనిపిస్తుంది.

పువ్వు మధ్యభాగం మీద ఒకే ఒక్క పుట్ట తేనెటీగ, సెంటీమీటరు పొడవుంటుంది, తల పైకి పెట్టి పాకుతోంది. ఎగరడం లేదు, రెక్కలు వీపు మీద సగం మడిచి ఉన్నాయి. కాళ్లు ఆరు, రెక్కలు నాలుగు, మోచేయిలా వంగిన మీసాలు రెండు. వెనక కాలికి పసుపు పుప్పొడి ముద్ద, మెడ దగ్గరి నూగులో కూడా అక్కడక్కడ పుప్పొడి రేణువులు.

ఇక ఫోకస్, ఈ ఫోటోకు ప్రాణం ఇదే. 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్సు, 1:1, f/8, 1/500. ఈ లెక్కన స్పష్టంగా ఉండే మందం దాదాపు ఒక్క మిల్లీమీటరే, అంతకు మించి ఇవ్వొద్దు. ఈగ ఒళ్లు సెన్సారుకు సమాంతరంగా ఉండాలి, మనవైపు కన్ను, మనవైపు రెక్క మొదలు, మనవైపు పుప్పొడి ముద్ద ఈ మూడూ ఒకే తలంలో పడాలి. మూడూ కుదరకపోతే కన్ను మాత్రం వదలొద్దు, కంటి మీది సన్నటి వెంట్రుకలు లెక్కపెట్టేలా ఉండాలి. అవతలి మీసం, అవతలి రెక్క, అవతలి కాళ్లు మెత్తగా కరిగిపోవాలి. ముందు వరసలో ఒకటి రెండు రేకలు అడ్డొచ్చి పసుపు మసకగా ఉన్నా పర్లేదు, ఈగ మీదికి మాత్రం రాకూడదు. తల నుంచి తోక దాకా అంతా పదునుగా ఉంటే అది పది ఫోటోలు కలిపి అతికించినట్టు ఉంటుంది, నాకు అది వద్దు.

వెనక ఆరు మీటర్ల దూరంలో జొన్న చేను, అదీ నీడలో. ఆకులు ఆకుల్లా తెలియకూడదు, ముదురు ఆకుపచ్చ ఒకటే పరుచుకుని ఉండాలి. ఇంకో పొద్దుతిరుగుడు పువ్వు వెనకాల పెట్టొద్దు, పసుపు మీద పసుపు పడి ఈగ కలిసిపోతుంది. ఆకాశం, గుండ్రటి వెలుగు చుక్కలు, మనుషులు, ఏవీ వద్దు. ఈగ అంచు చుట్టూ కత్తిరించి పెట్టినట్టు తెల్ల గీత రాకూడదు, నూగు చివర్లు వెనక పచ్చదనంలోకి సహజంగా కలవాలి. కుడి పక్క ఎండ కొంచెం తగిలి రెక్కల ఈనెలు కనిపిస్తే చాలు.

ఈగ ఫ్రేములో కింద సగంలో ఉండాలి. పై మూడో వంతు ఖాళీ పచ్చ, అక్కడ తేనె సీసా లేబుల్ పేరు మేమే వేసుకుంటాం కాబట్టి ఒక్క అక్షరం కూడా రాయొద్దు.