విషయం: ఇంటర్వ్యూ సమయంలో తేడా, నా పేరు మరియు పుట్టిన తేదీ సవరణ గురించి

సఖినేటిపల్లి,
17 నవంబరు 2025.

నియామక విభాగం అధికారి గారికి,

నమస్కారమండి.

భీమవరంలోని మీ రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో క్వాలిటీ కంట్రోల్ అసిస్టెంట్ ఉద్యోగానికి నన్ను ఇంటర్వ్యూకు పిలిచినందుకు ధన్యవాదాలు. మీరు పంపిన పిలుపులో సమయం రెండు రకాలుగా ఉంది. దానితోపాటు వచ్చిన అభ్యర్థి వివరాల పత్రంలో నా పేరు, పుట్టిన తేదీ తప్పుగా పడ్డాయి. ఇంటర్వ్యూ ఈ గురువారమే, అంటే 20వ తేదీనే కాబట్టి, అంతకు ముందే వీటిని సరిచూడమని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా సమయం సంగతి. మీ ఈమెయిల్‌లో ఉదయం 10:30 గంటలకు ప్లాంటు కార్యాలయంలో హాజరు కావాలని ఉంది. అదే ఈమెయిల్‌కు జతచేసిన క్యాలెండర్ ఆహ్వానాన్ని ఫోనులో తెరిస్తే మాత్రం సాయంత్రం 4:00 గంటలు అని చూపిస్తోంది. రెండింటి మధ్య తేడా సరిగ్గా అయిదున్నర గంటలు, మన భారత కాలమానానికీ అంతర్జాతీయ ప్రామాణిక సమయమైన యూటీసీకీ ఉన్న తేడా కూడా అంతే. కాబట్టి ఆహ్వానం తయారు చేసేటప్పుడు 10:30 అన్నది యూటీసీ లెక్కన నమోదై ఉంటుందని నా అనుమానం. అదే నిజమైతే ఆ రోజు పిలిచిన మిగతా అభ్యర్థులకు కూడా ఇదే తేడా కనిపిస్తూ ఉండవచ్చు, ఒకసారి చూడగలరు.

నాకు ఏ సమయమైనా సమ్మతమే, కానీ ఏది ఖాయమో ముందుగా తెలియడం చాలా అవసరం. మా ఊరి నుంచి పంటు మీద వశిష్ఠ గోదావరి దాటి, నరసాపురంలో బస్సు ఎక్కి భీమవరం రావాలి. ఉదయం ఇంటర్వ్యూ అయితే పగటి పూటే అదే దారిన తిరిగి వచ్చేస్తాను. సాయంత్రం నాలుగింటికైతే ముగిసేసరికి చీకటి పడుతుంది కనుక, చించినాడ వంతెన మీదుగా రాజోలు వైపు నుంచి చుట్టు తిరిగి ఇల్లు చేరాలి. అలాగైతే మా నాన్నగారు నాతో వస్తానన్నారు, ఆయన పనికి ముందుగా సెలవు చెప్పుకోవాలి.

ఇక పేరు. పదో తరగతి మార్కుల జాబితాలోనూ, డిగ్రీ పట్టాలోనూ, ఆధార్‌లోనూ నా పేరు GUTTULA NAGA SATYAVENI అని ఉంది. ఇందులో గుత్తుల మా ఇంటిపేరు, నాగ సత్యవేణి నా పేరు. మీ పత్రంలో గుత్తుల నా సొంత పేరుగానూ, సత్యవేణి ఇంటిపేరుగానూ నమోదయ్యాయి, మధ్యలో ఉండవలసిన "నాగ" పూర్తిగా పోయింది. ఇంటిపేరు ముందు రాసే మన అలవాటు వల్ల ఇలా జరిగి ఉంటుంది. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు కానీ, నాకు దీని కష్టం తెలుసు. ఇంతకు ముందు నేను రెండేళ్లు పనిచేసిన ప్రయోగశాలలోనూ చేరే రోజున నా పేరులో ఈ "నాగ" అన్న మాటే తప్పిపోయింది. అది పీఎఫ్ ఖాతాలోకి అలాగే వెళ్లి ఆధార్‌తో సరిపోకపోవడంతో, యాజమాన్యంతో కలిసి ఉమ్మడి డిక్లరేషన్ ఇచ్చి దిద్దించుకునేసరికి నాలుగు నెలలు పట్టింది. అందుకే మొదట్లోనే సరిచేయమని ఇంతగా అడుగుతున్నాను.

నా పుట్టిన తేదీ 2000వ సంవత్సరం నవంబరు 7. మీ పత్రంలో జూలై 11 అని ఉంది, అంటే రోజు, నెల తారుమారయ్యాయి. రెండూ చెల్లే తేదీలే కాబట్టి కంప్యూటరు దీన్ని తప్పుగా పట్టుకోలేదు. నేను పంపిన దరఖాస్తు నకలు మళ్లీ చూసుకున్నాను, అందులో పేరు, తేదీ రెండూ సరిగానే ఉన్నాయి.

మరొక మాట. నా ఆధార్‌లో జిల్లా తూర్పు గోదావరి అనీ, దరఖాస్తులో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ అనీ ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగినప్పుడు మా మండలం కొత్త జిల్లాలోకి వచ్చింది, ఆధార్ అంతకు ముందు తీసుకున్నది. చిరునామా ఒక్కటే కనుక దీన్ని తేడాగా పరిగణించవద్దని మనవి.

ఆధార్, పదో తరగతి మార్కుల జాబితా, దరఖాస్తు నకలు, క్యాలెండర్ ఆహ్వానం కనిపించే ఫోను తెర చిత్రం జతచేశాను. ఖాయమైన సమయాన్ని బుధవారం మధ్యాహ్నంలోగా ఈమెయిల్‌లో గానీ, దరఖాస్తులో ఇచ్చిన నా ఫోను నంబరుకు గానీ తెలియజేయగలరు. పేరు, తేదీ దిద్దిన పత్రం ఇంటర్వ్యూ రోజున ఇచ్చినా చాలు. ఒకవేళ ఆలోగా నాకు కబురు అందకపోతే, ఈమెయిల్‌లో ఉన్న సమయాన్నే ప్రమాణంగా తీసుకుని గురువారం ఉదయం 10 గంటలకల్లా అసలు ధృవపత్రాలతో మీ ప్లాంటు గేటు దగ్గర ఉంటాను.

ఇట్లు,
భవదీయురాలు,
గుత్తుల నాగ సత్యవేణి