ఇంకుడు గుంత ప్రతిపాదన: ముగింపు మాటలు

ఇంతసేపూ చెప్పినదంతా ఒక్క లెక్కలో ఇమిడిపోతుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే లీటరు నీళ్లు. మన మేడ 500 చదరపు మీటర్లు. అంటే 20 మిల్లీమీటర్ల వాన పడిన రోజున దాదాపు 10,000 లీటర్లు, ఒక పెద్ద ట్యాంకరు నీళ్లు, గొట్టాల గుండా రోడ్డు పాలవుతున్నాయి. పార్కింగులో మన చెప్పులు తడిపేవీ అవే.

బోరు పక్కన గుంత తవ్వి, కంకర, ఇసుక నింపి, గొట్టాన్ని అటు తిప్పడమే పని. సంతకాల పుస్తకం తలుపు దగ్గర బల్ల మీద ఉంది. ఇంటికొకరు సంతకం చేసి వెళ్లండి, లిఫ్టు వచ్చిందని పరుగెత్తకండి! తొలకరికి ముందే తవ్వకం మొదలుపెడదాం.

వచ్చే మే నెలలో గేటు దగ్గర ట్యాంకరు హారన్ మోగితే, డబ్బిచ్చే ముందు ఒక్కసారి మన మేడ వైపు చూడండి.