టైలరింగ్ యూనిట్ నిర్వహణ మూలధనం కోసం రెండు లక్షల రూపాయల రుణం కోరుతూ బ్యాంకుకు లేఖ

అంబాజీపేట,
9 ఫిబ్రవరి 2026.

బ్రాంచి మేనేజరు గారికి,
గ్రామీణ బ్యాంకు, అంబాజీపేట శాఖ,
డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా.

విషయం: ప్రధానమంత్రి ముద్రా యోజన కిశోర్ విభాగం కింద నా టైలరింగ్ యూనిట్‌కు రూ. 2,00,000 క్యాష్ క్రెడిట్ పరిమితి మంజూరు చేయవలసిందిగా విజ్ఞప్తి.

అయ్యా,

నమస్కారములు. అంబాజీపేట మెయిన్ రోడ్డులో అద్దె గదిలో టైలరింగ్ యూనిట్ నడుపుతున్న కె. సత్యవేణి అను నేను మీ శాఖకు పాత ఖాతాదారును. 2021లో ఇదే శాఖ నుండి ముద్రా శిశు విభాగం కింద రూ. 50,000 తీసుకుని మోటారు మిషన్లు కొనుక్కున్నాను. ఆ రుణం వాయిదాలన్నీ కట్టి 2024లో ముగించాను. ఇప్పుడు నా వద్ద నాలుగు జుకీ మోటారు మిషన్లు, ఒక ఓవర్‌లాక్ మిషను, ఒక కాజా మిషను ఉన్నాయి. మిషన్ల కోసం నాకు రుణం అవసరం లేదు. పని చేసే చేతులకూ కొరత లేదు. గుడ్డ కొనే రోజుకూ కుట్టిన బట్టకు డబ్బు చేతికి వచ్చే రోజుకూ మధ్య ఉన్న మూడు, నాలుగు నెలలు గడవడానికే ఈ రుణం కోరుతున్నాను.

యూనిట్‌లో ఐదుగురు మహిళలు పీసు రేటు మీద పనిచేస్తున్నారు. యూనిఫాం సీజనులో మరో ఇద్దరు చేరతారు. గుండీలు కుట్టడం, అంచులు మడిచి చేతికుట్టు వేయడం వంటి పనులు ఇళ్ల వద్దే చేసి ఇచ్చేవారు వీరికి అదనం. గత ఆర్థిక సంవత్సరంలో యూనిట్ మొత్తం వ్యాపారం రూ. 7,40,000. అందులో ఒక ప్రైవేటు పాఠశాలకు 480 జతల యూనిఫాం కుట్టి ఇచ్చినందుకు వచ్చినది రూ. 2,88,000. మిగిలినది జాకెట్లు, పంజాబీ డ్రస్సులు, పిల్లల గౌన్లు, చీరలకు ఫాల్, పీకో పనుల ద్వారా వచ్చినది.

వచ్చే విద్యా సంవత్సరానికి ఆ పాఠశాలతో పాటు మరొక పాఠశాల కూడా తన పిల్లల యూనిఫాం నాకే అప్పగించింది. రెండింటిలో కలిపి 450 మంది పిల్లలకు, ఒక్కొక్కరికి రెండు జతల చొప్పున, 900 జతలు జూన్ 12న బడులు తెరిచే నాటికి ఇవ్వాలి. జత సగటు ధర రూ. 620గా ఒప్పుకున్నారు కనుక ఆర్డరు విలువ రూ. 5,58,000 అవుతుంది. రెండు పాఠశాలల కరస్పాండెంట్లు సంతకం చేసి ఇచ్చిన ఆర్డరు పత్రాల నకళ్లు జతచేస్తున్నాను. ఇంత పెద్ద పని ఇంతకుముందు నా యూనిట్‌కు రాలేదు. దీనిని చెప్పిన నాణ్యతతో, చెప్పిన రోజుకు ఇవ్వగలిగితే ఏటా ఇదే సీజనులో నా దగ్గర పనిచేసే ఆడవాళ్లకు చేతినిండా పని ఉంటుందని నా గట్టి నమ్మకం.

ఖర్చు లెక్క ఇలా ఉంది. జతకు గుడ్డ రూ. 330, దారం, గుండీలు, జిప్పులు, కాన్వాసు కలిపి రూ. 30, కుట్టుకూలి రూ. 130, మొత్తం రూ. 490. ఆ లెక్కన 900 జతలకు రూ. 4,41,000 కావాలి. పాఠశాలలు మార్చి నెలలో నాలుగో వంతు, అంటే రూ. 1,39,500 అడ్వాన్సుగా ఇస్తాయి. నేను దాచుకున్న సొమ్ములో నుండి రూ. 1,00,000 పెట్టుకుంటాను. ఇవి పోగా తక్కువపడేది రూ. 2,01,500. చివరి పదిహేను వందలు నేనే సర్దుకోగలను కనుక రెండు లక్షలు మాత్రమే అడుగుతున్నాను.

ఈ రెండు లక్షలూ ఒక్కరోజున అవసరపడేవి కావు. మార్చి ఆఖరు వారంలో రాజమహేంద్రవరం తాడితోటలోని హోల్‌సేల్ బట్టల మార్కెట్‌లో గుడ్డ కొనేందుకు రూ. 2,97,000 కట్టాలి. అడ్వాన్సూ నా సొమ్మూ కలిపి రూ. 2,39,500 ఉంటుంది కనుక ఆ రోజున బ్యాంకు నుండి వాడుకునేది రూ. 57,500 మాత్రమే. మిగిలిన రూ. 1,42,500 దారాలకు, కూలికి ఏప్రిల్ నుండి జూన్ రెండో వారం దాకా వారం వారం కొద్దికొద్దిగా తీస్తాను. కూలి ప్రతి శనివారం చెల్లించడం మా యూనిట్ కట్టుబాటు. వారం కూలితోనే ఇల్లు నడుపుకునే ఆడవాళ్లను బడి బిల్లు వచ్చేదాకా ఆగమనడం నాకు సాధ్యం కాదు, అలా అడగడం న్యాయమూ కాదు.

గుడ్డను కూడా విడతలుగా కొనుక్కోవచ్చు కదా అన్న సందేహం మీకు కలగవచ్చు. యూనిఫాం విషయంలో అది కుదరదు. ఒకే లాటులోని తానులు కాకపోతే రంగులో తేడా వస్తుంది. ఏప్రిల్‌లో కొన్న నీలం రంగుకూ జూన్‌లో కొన్న నీలం రంగుకూ తేడా కొట్టులో కనిపించకపోయినా, వంద మంది పిల్లలు ఎండలో వరుసగా నిలబడినప్పుడు బయటపడుతుంది. గళ్ల గుడ్డ అయితే గడి కొలతే మారిపోవచ్చు. అంతేకాక బడులు ఏప్రిల్ ఆఖరులో వేసవి సెలవులకు మూసేలోగా పిల్లల కొలతలు తీసుకుని, సెలవుల్లో కత్తిరింపు, కుట్టు పూర్తి చేయాలి కాబట్టి, అప్పటికే గుడ్డ మొత్తం మా గదిలో ఉండి తీరాలి.

ఇంతవరకు ఈ లోటును రెండు విధాలుగా పూడ్చుకుంటూ వచ్చాను. ఒకటి, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి బయట అప్పు తేవడం. రెండు లక్షలకు నాలుగు నెలల వడ్డీ ఆ లెక్కన రూ. 16,000 అవుతుంది. రెండోది, హోల్‌సేల్ వ్యాపారుల వద్ద గుడ్డ అరువుకు తేవడం. అరువు ధర నగదు ధర కంటే జతకు సుమారు రూ. 25 ఎక్కువ పడుతుంది. 900 జతలకు అది రూ. 22,500. పైగా అరువు బేరంలో వారు ఇచ్చిన తానే తీసుకోవాలి, నాణ్యత గురించి గట్టిగా అడిగే వీలుండదు. బ్యాంకు వడ్డీ ఏడాదికి నూటికి పన్నెండు రూపాయలని వేసుకున్నా, రెండు లక్షలకు నాలుగు నెలలకు రూ. 8,000 దాటదు. మిగిలే సొమ్ము నా లాభంగానే కాక, సీజనులో చేరే ఇద్దరికి కూలిగా ఉపయోగపడుతుంది.

తిరిగి చెల్లింపు గురించి వివరంగా చెప్పవలసి ఉంది. పాఠశాలల నుండి రావలసిన రూ. 4,18,500లో సగం, అంటే రూ. 2,09,250, పుస్తకాలు, ప్రవేశ రుసుములతో పాటు తల్లిదండ్రుల వద్ద వసూలు చేసి జూన్ ఆఖరు వారంలో ఇస్తారు. ఆ ఒక్క విడతతోనే నేను వాడుకున్న మొత్తం తీరిపోతుంది. మిగతా సగం ఆగస్టు ఆఖరుకు రావాలి. అయితే ఆ రెండో విడత విషయంలో గోదావరి వరదలను దృష్టిలో పెట్టుకోక తప్పదు. ఈ పాఠశాలల్లో చదివే పిల్లల్లో కొందరు పి.గన్నవరం వైపు లంక గ్రామాల వారు. 2022 జూలై వరదల సంవత్సరంలో నాకు రావలసిన బాకీ దసరా దాకా రాలేదు. ఆ కారణంగానే బ్యాంకు బాకీని రెండో విడతతో ముడిపెట్టకుండా, వరదల కాలానికి ముందే వచ్చే మొదటి విడతతో తీర్చే విధంగా లెక్క వేసుకున్నాను.

నెలనెలా సమానంగా కట్టే వాయిదాల రుణం కాకుండా క్యాష్ క్రెడిట్ కోరడానికి కారణం కూడా ఇదే. ఏప్రిల్, మే నెలల్లో నా వద్ద నుండి డబ్బు బయటకు పోతుందే తప్ప లోపలికి రాదు. ఆ రెండు నెలలూ వాయిదా కట్టాలంటే మళ్లీ బయట అప్పు చేయాలి. క్యాష్ క్రెడిట్ అయితే వాడుకున్న సొమ్ముకు, వాడుకున్న రోజులకే వడ్డీ పడుతుంది. ప్రతి నెలా ఖాతాలో వేసిన వడ్డీని ఆ నెలలోనే జమ చేస్తాను. జాకెట్లు, ఫాల్, పీకో పని ద్వారా రోజువారీ వచ్చే రాబడి అందుకు సరిపోతుంది. మా ప్రాంతంలో దాళ్వా కోతలయ్యాక వచ్చే వైశాఖం పెళ్లిళ్లకు కూడా జాకెట్ల గిరాకీ బాగానే ఉంటుంది. ఆషాఢంలో పని పలచబడుతుంది, శ్రావణంలో మళ్లీ పుంజుకుంటుంది.

సెప్టెంబరు నాటికి ఖాతాలో బాకీ ఉండదు. సంక్రాంతికి పిల్లల గౌన్లు, పరికిణీలు సిద్ధం చేసుకోవడానికి నవంబరులో రూ. 60,000 వరకు మళ్లీ వాడుకుని, ఫిబ్రవరి లోపల జమ చేయాలని ఆలోచన. కొత్త బట్ట లేని సంక్రాంతిని గోదావరి జిల్లాల్లో ఎవరూ ఊహించరు కనుక ఆ సరుకు నిలిచిపోతుందన్న భయం నాకు లేదు.

వచ్చే ఆర్థిక సంవత్సరానికి అంచనా వ్యాపారం రూ. 10,98,000. ఇందులో యూనిఫాం రూ. 5,58,000, సంవత్సరం పొడుగునా వచ్చే జాకెట్లు, డ్రస్సుల పని రూ. 3,60,000, సంక్రాంతి అమ్మకాలు రూ. 1,20,000, ఫాల్, పీకో వంటి చిల్లర పని రూ. 60,000. చిన్న యూనిట్ల నిర్వహణ మూలధనానికి బ్యాంకులు పాటించే టర్నోవరు పద్ధతిలో, అంచనా వ్యాపారంలో ఇరవై శాతం లెక్కవేస్తే రూ. 2,19,600 వస్తుంది. నేను కోరుతున్నది అంతకు తక్కువే. యజమాని వాటాగా ఆ పద్ధతి అడిగే ఐదు శాతం రూ. 54,900 కాగా, నేను పెడుతున్నది లక్ష రూపాయలు.

ముద్రా రుణానికి ఆస్తి తనఖా అవసరం లేదని తెలిసినా, ఈ పరిమితికి హామీగా గుడ్డ నిల్వను, పాఠశాలల నుండి రావలసిన బాకీలను బ్యాంకుకు హైపోథికేషన్ చేయడానికి నాకు పూర్తి సమ్మతి. ప్రతి నెలా ఐదో తేదీలోగా స్టాకు స్టేట్‌మెంటు ఇస్తాను. నిల్వకు అగ్ని, వరద ప్రమాదాల బీమా చేయిస్తాను. మీ సిబ్బంది ఎప్పుడు వచ్చినా గది, పుస్తకాలు, సరుకు చూసుకోవచ్చు. రెండు పాఠశాలలూ చెక్కులు యూనిట్ పేరున మీ శాఖలోని కరెంటు ఖాతాకే ఇచ్చేలా ఆర్డరు పత్రాల్లో రాయించాను.

నాకు ఉన్న ఇతర బాకీ ఒక్కటే. మా డ్వాక్రా సంఘం మీ శాఖ నుండి తీసుకున్న రుణంలో నా వాటా రూ. 60,000 కాగా, ఇంకా రూ. 22,000 కట్టవలసి ఉంది. వాయిదా ఏదీ తప్పలేదు. మా వారు కొబ్బరి వర్తకుల వద్ద గుమాస్తాగా పనిచేస్తున్నారు. ఇంటి ఖర్చు ఆయన జీతంతో నడుస్తుంది కనుక యూనిట్ సొమ్మును ఇంటికి వాడే అవసరం రాదు.

ఈ లేఖతో పాటు ఆధార్, పాన్, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ధ్రువపత్రం, అద్దె ఒప్పందం, గత పన్నెండు నెలల ఖాతా స్టేట్‌మెంటు, పాఠశాలల ఆర్డరు పత్రాలు, గుడ్డ ధరల కొటేషన్లు, పాత ముద్రా రుణం ముగిసినట్టు మీ శాఖ ఇచ్చిన పత్రం నకళ్లు జతచేస్తున్నాను. వ్యాపారం రిజిస్ట్రేషన్ పరిమితికి లోబడి ఉన్నందున జీఎస్‌టీ నమోదు లేదు. దానికి సంబంధించిన స్వయం ధ్రువీకరణ కూడా ఇందులోనే ఉంది.

మార్చి ఆఖరు వారంలో గుడ్డ కొనవలసి ఉన్నందున, మార్చి 20లోగా మీ నిర్ణయం తెలిస్తే హోల్‌సేల్ వ్యాపారికి నగదు ధర మీద మాట ఇవ్వగలుగుతాను. అడిగిన మొత్తంలో గాని, షరతుల్లో గాని మార్పు అవసరమని మీకు తోస్తే, తిరస్కరించే ముందు నన్ను ఒకసారి పిలిపించి మాట్లాడవలసిందిగా ప్రార్థిస్తున్నాను. లెక్కల పుస్తకాలతో సహా వచ్చి, ప్రతి అంకెకూ సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
భవదీయురాలు,
(సంతకం)
కె. సత్యవేణి,
యజమానురాలు, సత్యవేణి టైలరింగ్ యూనిట్,
మెయిన్ రోడ్డు, అంబాజీపేట.